సోమవారం మానేసిన టిఫిన్

ఆదివారం మనం చేతులాపుకోలేక తినడానికి కారణం ఆదివారంలో ఉండదని నా అభిప్రాయం. అది సోమవారం పొద్దున మానేసిన టిఫిన్‌లో ఉంటుంది.

గుడివాడలో ఉండే మా ఆడపడుచు సంగతే చెప్తాను (తనని అడిగే రాస్తున్నాను లెండి). శుక్రవారం దాకా పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కీరా ముక్కలు, రాత్రి పల్చటి మజ్జిగ. అన్నం ముట్టేది కాదు. శనివారం బందరు లడ్డూల డబ్బా ఇంటికొస్తే ఒక్కటే తిందామని తీసేది. అది తినగానే, "ఎలాగూ డైట్ పాడైంది కదా వదినా, సోమవారం మళ్ళీ మొదలెడతాలే" అని సగం డబ్బా ఖాళీ చేసేది. సోమవారం రాగానే ఆ పాపానికి ఒక పుల్కా కోత. దాంతో వచ్చే శనివారానికి ఆకలి ఇంకా పెరిగేది.

దీన్ని నోరు కట్టుకోలేకపోవడం అంటే నేనొప్పుకోను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలలు సగం తిండే పెట్టాడు. వాళ్ళకి రోజంతా తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చునేవాళ్ళు. ఆంక్షలు తీసేశాక కడుపు పగిలేలా తిన్నా ఇంకా ఆకలేనన్నారు కొందరు. మగపిల్లలు, పైగా ఇష్టపడి చేరినవాళ్ళు!

అందుకే మా ఆడపడుచు ముందు పనిరోజుల తిండిని సరిచేసుకుంది. ఎనిమిదింటికి మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. ఒంటిగంటకి కప్పు అన్నం, పప్పు, కూర, పెరుగు. అయిదింటికి గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి ఎనిమిదింటికి పుల్కాలు, కూర. ఎక్కడా అయిదు గంటలకు మించి ఖాళీ లేదు. ఇక లడ్డూ బుధవారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, పళ్ళెంలో పెట్టుకుని కూర్చుని తినాలి. కడుపు నిండాక తింటే దాని రుచి తెలుస్తుంది, అది ఇక దొంగసరుకూ కాదు.

మొదటి ఆదివారం మళ్ళీ అతిగానే తింది. అసలు కష్టం మర్నాడు. ఆకలి లేదన్నా, శిక్ష వేసుకోకుండా మామూలు టిఫిన్ తినాలి. ఆ ఒక్క పూట మానేస్తే చక్రం మళ్ళీ మొదలే. బరువు చూసే మిషన్ నెల్లాళ్ళు అటక మీద పెట్టించాను. మూడు వారాలకి లడ్డూల డబ్బా మంగళవారం దాకా మిగిలింది. బరువు మాత్రం తగ్గలేదు, అది వేరే లెక్క.

షుగరుకి మందులో ఇన్సులినో వాడేవాళ్ళు మాత్రం డాక్టరుని అడగకుండా వేళలు మార్చకండి. తిన్నాక వాంతి చేసుకోవడం, ఎవరూ చూడకుండా దాచుకుని తినడం ఉంటే ఇంటి చిట్కాలు చాలవు, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాల్సిందే.

మా దివిసీమ వైపు ఇంకో అలవాటుంది. రాత్రి అవనిగడ్డలో పెళ్ళి భోజనమని మధ్యాహ్నం పస్తుంటారు. మొన్నటి పెళ్ళికి మా ఆడపడుచు ఇంట్లో పప్పన్నం తినే బయల్దేరింది.