కథలో కవ్వం, కార్ఖానాలో క్రీమ్

నెయ్యి ప్రకటనలు కథలుగా మారాయి. నాలుగు పేరాల్లో ఒక పల్లె, ఒక మట్టికుండ, తెల్లవారుజామున కవ్వం చప్పుడు, మనవడి అన్నంలో అమ్మమ్మ వేసిన నెయ్యిచుక్క. చివరి పేరాలో సీసా, దాని ధర. ఇదేమిటని అడిగితే చాలామంది ఒకే మాట అంటారు: "కథే కదా, దానివల్ల ఎవరికి నష్టం?" నష్టం ఉంది. ఆ కథ ఊరికే మనసు తడపడం లేదు, నెయ్యి ఎలా తయారైందో చెబుతోంది. చెప్పింది నిజం కాకపోతే దాన్ని అబద్ధమనే అనాలి.

మాది తల్లాడ, ఖమ్మం నుంచి వైరా మీదుగా సత్తుపల్లి పోయే దారిలో. మా అమ్మమ్మ గేదెపాలను పిడకల దాలి మీద పెట్టేది. పొద్దంతా సన్నసెగకు కాగి పాలు ఎర్రబారేవి, పైన మీగడ మందంగా కట్టేది. సాయంత్రం తోడేస్తే తెల్లారేసరికి పెరుగు. ఎండ రాకముందే చిలికేది, ఎందుకంటే వేడెక్కితే వెన్న ముద్దకట్టదు. వేసవిలో చల్లటి నీళ్లు పోసేది. వెన్నను కడిగి సన్నసెగన కాచి, చిటపటలు ఆగి, అడుగున గసి ఎర్రబడగానే దించి, ఒక తమలపాకు వేసేది. ఆ పద్ధతిలో రహస్యమంటూ ఏదీ లేదు. ఆ కమ్మదనం చాలావరకు తోడులోంచి వచ్చింది. పెరుగు పులిసేటప్పుడు పుట్టే వాసన వెన్నలోకి, వెన్నతో నెయ్యిలోకి చేరుతుంది.

పెద్ద డెయిరీల్లో సాధారణంగా జరిగేది వేరు. అక్కడ యంత్రం పాలను గిరగిరా తిప్పి క్రీమును విడదీస్తుంది. ఆ క్రీమునో, దాని వెన్ననో పెద్ద పాత్రల్లో కాచి నెయ్యి తీస్తారు. వెన్న తీసిన పాలు పొడిగానో మరో రకంగానో అమ్ముడుపోతాయి. ఇది చట్టం ఒప్పుకున్న పద్ధతి, అలా తీసిన నెయ్యి కల్తీ కాదు. నా గొడవ ఆ నెయ్యితో కాదు. క్రీము నెయ్యికి కవ్వం కథ తొడగడంతోనే నా పేచీ.

కథ నిజమో కాదో తేల్చడానికి కాస్త లెక్క చాలు. గేదెపాలలో వెన్నశాతం ఆరున్నర అనుకుందాం. చుక్క కూడా పోకపోతే కిలో నెయ్యికి 15 లీటర్ల పాలు కావాలి. చిలికినప్పుడు మజ్జిగలో కొంత వెన్న ఉండిపోతుంది కాబట్టి 16 వేసుకుందాం. లీటరు 70 రూపాయల చొప్పున పాలకే 1,120. కట్టెలు, సీసా, చిలికే మనిషి కూలి వేరే. ఇక కిలో 650 రూపాయలకు అమ్ముతూ కవ్వాన్ని చూపిస్తే, ఆ తేడాను ఎవరు భరిస్తున్నారు? మజ్జిగ అమ్మితే ఆ తేడా పూడదు. విడదీసిన పాలను అమ్ముకునే దారిలోనే ఆ ధర సాధ్యం.

"పూసపూసగా ఉంది చూడండి, అసలైనది" అన్న మాట కూడా నిలవదు. కాచిన నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూస కడుతుంది, గబుక్కున చల్లారిస్తే నున్నగా పేరుకుంటుంది. వనస్పతిని కూడా నెయ్యిలా పూస కట్టేలా తయారుచేశారు. పూసను చూసి స్వచ్ఛత తేల్చలేం, తయారైన దారి అసలే తెలియదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనల ప్రకారం, ఒకదాన్ని సంప్రదాయమైనది అనాలంటే ఆ తయారీ కనీసం 30 ఏళ్లుగా ఉండాలి, దినుసులూ పద్ధతీ పెద్దగా మారకూడదు. ఇంట్లో చేసినదన్న తప్పుడు భావం కలిగించే మాటలు వాడకూడదు. అమ్మమ్మ, కుండ, కవ్వం కలిసి ఇచ్చే భావం అదే కదా! కథ రాసినవారు "ఇంట్లో చేసినది" అన్న మాట వాడకుండానే ఆ పని పూర్తిచేస్తున్నారు.

కాబట్టి కథ ఉన్న ప్రతి సీసా మీద మూడు సంగతులు రాయమని అడుగుదాం: పెరుగు చిలికారా క్రీము తీశారా, ఆవుపాలా గేదెపాలా, కిలోకు ఎన్ని లీటర్లు పట్టాయి. నిజంగా చిలికేవారికి ఇది రాయడం కష్టం కాదు.

ఈ కథల దెబ్బ ఎవరికి తగులుతుందో నేను చూశాను. మా వైపు ఇప్పటికీ పెరుగు చిలికి నెయ్యి అమ్మే ఆడవాళ్లున్నారు. వాళ్లు ధర చెప్పగానే "అమ్మమ్మ నెయ్యి బజార్లో ఇంతకంటే చవగ్గా వస్తుంది కదా" అని బేరమాడేవాళ్లు ఎదురవుతారు. పాల లెక్క తెలిసిన ఆ ఆడవాళ్లకు జవాబు చెప్పే ఓపిక కూడా ఉండదు. చేతులు కాయలు కాచేలా చిలికినామె తన ధరకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. ఆ సంజాయిషీ ఇవ్వాల్సింది ప్రకటన: ఇంత తక్కువ ధరకు కవ్వం ఎలా తిరిగింది?