ఆఫర్ లెటర్‌లో రాయని మాటలు

శ్రీసిటీ, రేణిగుంట పరిశ్రమల్లో చేరే డిప్లొమా, ఐటీఐ కుర్రాళ్లు ఆఫర్ లెటర్‌లో ముందు చూసేది జీతం అంకె. దానికన్నా ముందు లెటర్‌హెడ్ ఎవరిదో చూడాలి. ఫ్యాక్టరీ ఒకరిది, ఉత్తరం ఇచ్చిన కాంట్రాక్టు ఏజెన్సీ మరొకరిది అయితే, యజమాని ఎవరన్నది అక్కడే తేలుతుంది. ‘ట్రైనీ’ అంటే అప్రెంటిస్‌షిప్పా, ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగమా అన్నది కూడా లెటర్‌లోనే ఉండాలి. అప్రెంటిస్‌కు దక్కేది స్టైపెండ్. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న పూచీ ఉండదు.

ఇక జీతం. ‘సీటీసీ ఏడాదికి 3 లక్షలు’ అని ఉంటే ఇంట్లోవాళ్లు నెలకు 25 వేలని లెక్కేసుకుంటారు. ఒక నమూనా లెక్క చూద్దాం. బేసిక్ 12,500, అలవెన్సులు 6,500. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ కలిపి సుమారు 2,700. మిగిలిన 3,300 ఏడాది చివర, పనితీరు బాగుంటే ఇచ్చే ఇన్సెంటివ్. అంటే నెలనెలా లెక్కలోకి వచ్చేది 19,000. అందులో ఉద్యోగి పీఎఫ్ 1,500, ఈఎస్ఐ 143, వృత్తి పన్ను 150 పోతే బ్యాంకులో పడేది 17,207. క్యాంటీన్, బస్సు కోతలుంటే ఇంకా తగ్గుతుంది. ఇందులో మోసమేమీ లేదు, సీటీసీ అంటే కంపెనీ పెట్టే ఖర్చు. కానీ ‘చేతికి వచ్చేది సుమారు ఇంత’ అన్న ఒక్క వరుస రాయకపోవడానికి నాకైతే కారణం కనిపించదు.

ప్రొబేషన్ దగ్గర చిక్కు ఇంకా లోతైనది. ‘ఆరు నెలలు, అవసరమైతే పొడిగిస్తాం’ అన్న వాక్యానికి అంతే లేదు. పంజాబ్ ఉపాధ్యాయుల కేసులో (ధరమ్ సింగ్, 1968) సుప్రీంకోర్టు ఒక తేడా చూపించింది. నిబంధనల్లో గరిష్ఠ గడువు ఉండి, అది దాటాక కూడా కొనసాగిస్తే ఉద్యోగం ఖాయమైనట్టే. అలాంటి గడువే లేకపోతే, ఖాయం చేస్తూ ఉత్తర్వు వచ్చేదాకా ప్రొబేషనరే. అది ప్రభుత్వ సర్వీసు కేసే అయినా, ప్రైవేటు లెటర్ రాసేవాళ్లకూ అందులో పాఠం ఉంది. ఇలా రాస్తే సరిపోతుంది: ‘ప్రొబేషన్ చేరిన రోజు నుంచి ఆరు నెలలు. గడువు ముగిసేలోపే రాతపూర్వకంగా తెలియజేసి, ఒక్కసారి, మూడు నెలలకు మించకుండా పొడిగించవచ్చు. ఆ తర్వాత ఏ ఉత్తరమూ రాకపోతే ఉద్యోగం ఖాయమైనట్టే.’ ప్రొబేషన్‌లో మానేయాలన్నా, తీసేయాలన్నా ఎన్ని రోజుల నోటీసో దాని పక్కనే ఉండాలి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం తప్పనిసరి చేశాయి. అయితే అది చేరేటప్పుడు ఇచ్చేది. చిత్తూరులో ఉన్న పని వదిలేసి వచ్చే మనిషి చేతిలో అప్పటికి ఉండేది ఆఫర్ లెటర్ ఒక్కటే. కాబట్టి ‘అన్ని పరిశీలనలూ సంతృప్తికరంగా ఉంటే’ అంటే చాలదు. మెడికల్ పరీక్ష, చివరి సెమిస్టర్ పాస్, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, వీటిలో ఏది ఏ తేదీలోపు కావాలో, ఏది లేకపోతే ఆఫర్ రద్దవుతుందో విడివిడిగా చెప్పాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి అదే రోజు తిరిగిస్తామన్న మాట కూడా అక్కడే రాయించుకోవాలి.