క్రియాటిన్ డబ్బాకు ముందు నీళ్ల లెక్క చూసుకుందాం

మాది సోమందేపల్లె దగ్గర తాండా. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదట. మన గ్రూపులో చానా మంది కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నారు, క్రియాటిన్ గురించి అడుగుతున్నారు. అందుకే ఈ పెద్ద పోస్టు.

పోయిన వానాకాలం మా రూమ్‌మేట్ క్రియాటిన్ మొదలుపెట్టాడు. ఎవరో చెప్పారని రోజుకు 20 గ్రాములు, నాలుగు పూటలుగా తాగాడు. వారంలో ఒకటిన్నర కిలో పెరిగాడు. కొవ్వు పట్టిందేమో అనుకుని నీళ్లు తగ్గించి, రెయిన్‌కోట్ వేసుకుని సాయంత్రం పరుగుకు దిగాడు. మధ్యాహ్నమే వాన పడి ఆగింది, గాలి లేదు, ఒకటే ఉక్క. మూడో రౌండులో తూలి కూర్చుండిపోయాడు, మాట తడబడింది. కోటు విప్పి, ఒంటి మీద నీళ్లు పోసి, టవల్‌తో విసిరితే తేరుకున్నాడు. మాట తడబడినప్పుడే 108కి ఫోన్ చేయాల్సింది. చేయకపోవడం మా తప్పు.

ఆ రోజు నుంచి హాస్టల్లో ఒకటే మాట, "క్రియాటిన్ ఒంట్లో నీళ్లన్నీ పీల్చేస్తాది" అని. నేను ఒప్పుకోను. క్రియాటిన్ కండలోకి పోయేటప్పుడు కొంచెం నీటిని కూడా లోపలికి తీసుకుపోతుంది. మొదటి వారంలో పెరిగే కిలో, రెండు కిలోలు ఎక్కువగా ఆ నీళ్లే. అవి ఒంట్లోనే ఉంటాయి, బయటికి పోవు. ఎండలో ఆటగాళ్ల మీద చేసిన పరిశోధనల్లో కూడా, క్రియాటిన్ వాడినవాళ్లకు తిమ్మిర్లు గానీ నీరసం గానీ వాడనివాళ్ల కంటే ఎక్కువ కనిపించలేదు. అసలు 20 గ్రాములు అక్కర్లేదు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే మూడు నాలుగు వారాల్లో అదే స్థాయికి చేరుతుంది.

ఇలాంటి అనుమానమే 1997లో అమెరికాలో వచ్చింది. నవంబర్ 7 నుంచి డిసెంబర్ 9 లోపల ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు చనిపోయారు. మొదట అందరూ క్రియాటిన్‌నే అనుమానించారు. విచారణలో తేలింది వేరు. బరువు తగ్గాలని ముగ్గురూ గాలి ఆడని సూట్లు వేసుకుని, వేడిలో వ్యాయామం చేస్తూ, నీళ్లు ఆపేశారు. తర్వాత ఆ సూట్లను కాలేజీ కుస్తీలో నిషేధించారు. మా రూమ్‌మేట్ చేసింది కూడా అదే కదప్పా!

ఉక్క ఎందుకు ప్రమాదమంటే, చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన ఏప్రిల్ ఎండలో చెమట పట్టినట్టే తెలియదు, చొక్కా మీద ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. వాన తర్వాత ఉక్కలో చెమట కారిపోతుంది గానీ ఆరదు. నీళ్లు పోతాయి, చల్లదనం రాదు. అలాంటి రోజు నీళ్లు ఎంత తాగినా చాలదు, రౌండ్లు కూడా తగ్గించాల్సిందే.

మరి ఎంత తాగాలి? తూకం చెబుతుంది. నేను పరుగుకు ముందు 58.4 కిలోలు. గంట తర్వాత చెమట తుడుచుకుని చూస్తే 57.4. మధ్యలో అర లీటరు తాగాను. అంటే పోయిన చెమట లీటరున్నర. తూకంలో తగ్గింది ఒక కిలో కాబట్టి, తర్వాత మూడు నాలుగు గంటల్లో లీటరున్నర దాకా కొంచెం కొంచెంగా తాగాను. అందులో ఉప్పేసిన మజ్జిగ కూడా ఉంది. బరువులో నూటికి రెండు వంతులు, అంటే నాకు దాదాపు 1.2 కిలోలు తగ్గితే తక్కువ తాగినట్టు. బరువు పెరిగితే ఎక్కువ తాగినట్టు. ఉప్పు లేకుండా ఊరికే నీళ్లు పట్టించినా రక్తంలో ఉప్పు పల్చబడి ప్రమాదమే. అందుకే "క్రియాటిన్ తాగితే రోజుకు ఆరు లీటర్లు" అనే మాట అందరికీ పనికిరాదు.

ఒక్క జాగ్రత్త. ఈ రోజు బరువును పాత బరువుతో పోల్చొద్దు. క్రియాటిన్ వల్ల పెరిగిన కిలో, చెమటతో తగ్గిన కిలోను దాచేస్తుంది. అదే రోజు పరుగుకు ముందు, తర్వాత తూచుకోవాలి.

ఇంకొకటి మన ప్రాంతానిది. అనంతపురం వైపు చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎక్కువ నీళ్లు తాగాలని బోరు నీళ్లే రెట్టింపు తాగితే ఫ్లోరైడ్ కూడా రెట్టింపు పోతుంది. అందుకే నా అభిప్రాయం ఒకటే. నలుగురం డబ్బులేసుకుని డబ్బా కొనే ముందు ఒక తూకం మిషన్ కొనుక్కుందాం. గ్రౌండ్ దగ్గరికి ఆర్వో నీళ్ల క్యాన్ కావాలని వార్డెన్ సార్‌ను అందరం కలిసి అడుగుదాం. ఆ రెండూ లేనిచోట క్రియాటిన్ మొదలుపెట్టొద్దు అంటాను నేను. మీరేమంటారు?