సంతకానికి ముందు ఒక్క మాట

‘ఒంట్లో బాగాలేక పని మానేశాడు’ అని ఊళ్లో ఒక్క ముక్కలో చెప్పుకుంటాం. ఆ మనిషి ఏ కాగితం మీద సంతకం పెట్టి బయటికొచ్చాడో ఎవరూ అడగరు. తర్వాత ఇంటికొచ్చే డబ్బు మాత్రం ఆ కాగితాన్ని బట్టే ఉంటుంది.

కల్లూరు పారిశ్రామికవాడలో పీఎఫ్ కట్టే ఒక కార్మికుడిని ఉదాహరణగా తీసుకుందాం. 32 ఏళ్లకు పనిలో చేరాడు. పింఛనుకు లెక్కేసే జీతం 15 వేలు. 58 ఏళ్లదాకా పనిచేస్తే సర్వీసు 26 ఏళ్లు. దానికి పథకం మరో రెండేళ్లు కలుపుతుంది. జీతాన్ని సర్వీసుతో హెచ్చవేసి 70తో భాగిస్తే నెలకు 6,000 రూపాయల పింఛను. ఇది మామూలు పదవీ విరమణ.

అదే మనిషికి 44వ ఏట పక్షవాతం వచ్చి, ఇక ఆ పని చేయలేని స్థితి ఏర్పడిందనుకోండి. అప్పటికి సర్వీసు 12 ఏళ్లు. అదే లెక్క ప్రకారం 2,571 రూపాయలు వస్తుంది. పని చేయలేకపోయిన 14 ఏళ్లను ఎవరూ కలపరు. జబ్బు చేసిన మనిషికి మందుల ఖర్చు పెరిగే రోజుల్లోనే పింఛను సగానికి పైగా తగ్గిపోతుంది.

ఆ కాస్తా చేతికి రావాలన్నా కాగితం సరిగ్గా ఉండాలి. ‘సొంత కారణాల వల్ల మానేస్తున్నాను’ అని రాసిచ్చాడా, 2,571 కోసం 58 ఏళ్లు వచ్చేదాకా ఆగాలి. 50 దాటాక ముందే తీసుకోవచ్చు గానీ, 58కి తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున కోత పడుతుంది. శాశ్వత, సంపూర్ణ వైకల్యం వల్ల మానేసినట్టు నమోదైతే వయసుతో పని లేదు, కోత లేదు. పింఛను అప్పటినుంచే మొదలవుతుంది.

సర్వీసు పదేళ్లలోపు ఉన్నవాళ్లకు ఈ తేడా ఇంకా పెద్దది. ఏడేళ్లు పనిచేసి రాజీనామా ఇచ్చినవాడికి నెల నెలా పింఛను రాదు, ఒకేసారి కొంత సొమ్ము ఇస్తారు. వైకల్యం కింద వెళ్లినవాడికి ఆ ఏడేళ్లకే నెలకు 1,500 వస్తుంది. ఒక్క నెల చందా కట్టి ఉన్నా అర్హత ఉన్నట్టే. ప్రమాదం పనిచోటే జరగాలన్న నియమమూ లేదు. గ్రాట్యుటీకి అడిగే ఐదేళ్ల సర్వీసు నియమం కూడా వైకల్యం విషయంలో వర్తించదు.

అయితే ఇది అడగ్గానే వచ్చేది కాదు. అతను చేస్తున్న పనికి ఇక శాశ్వతంగా పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చాలి. నడుం నొప్పి, అదుపులో ఉన్న షుగరు లాంటివి ఆ పరీక్షలో సాధారణంగా నిలబడవు. యాజమాన్యం పీఎఫ్ రికార్డులో మానేసిన కారణం దగ్గర శాశ్వత వైకల్యం అని నమోదు చేయాలి. అక్కడ మామూలు మానివేత అని పడితే, దరఖాస్తు ఫారం 10-డిలో చెప్పేది ఒకటి, రికార్డు చెప్పేది ఇంకొకటి అవుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి దారి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసేయకూడదు. అదే జీతంతో చేయగల వేరే పనికి మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే అదనపు పోస్టు చూపించాలి.

తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ ఒకరి కేసు ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. 2014లో ఉద్యోగంలో చేరిన ఆయనకు వర్ణాంధత్వం ఉందని వైద్య పరీక్షలో తేలింది. స్టీరింగ్ పట్టలేకపోతే వేరే పని ఇవ్వమని ఆయన అడిగారు. సంస్థ ఇవ్వలేదు, 2016 జనవరిలో వైద్య కారణాలతో ఇంటికి పంపేసింది. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. రంగులు గుర్తించలేని డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇస్తామని 1979లో కార్మికులతో సంస్థ చేసుకున్న ఒప్పందాన్ని గుర్తుచేసింది. అదే గ్రేడులో తగిన పోస్టు ఇవ్వాలని, బకాయిల్లో నాలుగో వంతు చెల్లించాలని, మధ్యకాలాన్ని సర్వీసుగా లెక్కించాలని ఆదేశించింది. ఆ న్యాయం అందడానికి తొమ్మిదేళ్లకు పైగా పట్టింది.

ఆయన చేసిన మంచి పని ఒకటుంది. వేరే పని ఇవ్వమని ముందే అడిగారు. ప్రభుత్వ సంస్థలో ఉన్నవారు మెడికల్ అన్‌ఫిట్ అన్న మాట వినగానే చేయాల్సిన పని అదే. ఆ అడగడం రాతపూర్వకంగా ఉండాలి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. వైద్య విరమణ చివరి దారి కావాలి గానీ మొదటిది కాకూడదు.

ప్రైవేటు కార్మికుడికి ఆ రక్షణ లేదు. మంచాన పడ్డ మనిషి ముందు తెల్లకాగితం పెట్టి ‘సొంత కారణాలు’ అని రాయించుకోవడం అన్యాయం. ఇంట్లో అలాంటివారు ఉంటే కుటుంబసభ్యులారా, ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. జబ్బు పేరు, అది మొదలైన తేదీ, డాక్టరు మాట ఉన్న కాగితమే ఇవ్వండి.