పుస్తకం తెరవగానే పరీక్షేనా?

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం తెరిచి "ఇదేంటి? ఏనుగు! ఇదేంటి? సింహం! ఇదేం రంగు? చెప్పు, అంకుల్‌కి చెప్పు!" అని మనం చేసేదాన్ని పుస్తకం చదివించడం అనరు. అది వైవా. మూడేళ్ళ పసివాడికి రోజూ సాయంత్రం ఇంట్లో పెట్టే మౌఖిక పరీక్ష.

నేనూ చేశాను కాబట్టే ఇంత ధైర్యంగా అంటున్నాను. మా పెద్దాడు మూడేళ్ళు నిండేసరికి జంతువులు, పళ్ళు, వాహనాలు కలిపి ఎన్ని పేర్లు చెప్పేవాడో! ఇంటికి ఎవరొచ్చినా ముందు పుస్తకం తెచ్చేదాన్ని, కాఫీ తర్వాత. వాళ్ళు "అబ్బో" అంటుంటే మురిసిపోయేదాన్ని. కానీ వాడు బళ్ళోంచి వచ్చాక "ఇవాళ ఏం జరిగిందిరా?" అంటే "ఏం లేదు" అనేవాడు. ఒక్క మాటతో జవాబు చెప్పి బయటపడటం నేనే నేర్పానని చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తట్టలేదు.

ఇంకో రకం తల్లులున్నారు. గడగడా చదివేసి, చివర "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగి పుస్తకం మూసేస్తారు. అదీ పరీక్షే, కాకపోతే ఒకే ప్రశ్న, పది మార్కులు.

దీనికి వేరే పద్ధతి ఉంది. డయలాజిక్ రీడింగ్ అంటారు, మన మాటల్లో కబుర్లాడుతూ చదవడం. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్ళు కలిసి 1988లో దీని మీద ఒక పరిశోధన ప్రచురించారు. రెండు, మూడేళ్ళ వయసు పిల్లలున్న సుమారు 30 కుటుంబాలు. అందరూ ఇంట్లో పిల్లలకి పుస్తకాలు చదువుతున్నవాళ్ళే. అందులో సగం మందికి మాత్రం చదువుతూ ఎలా అడగాలో, పిల్ల చెప్పిన మాటని ఎలా పెంచాలో నేర్పారు. నాలుగు వారాలు గడిచాక, నేర్చుకున్న తల్లుల పిల్లలు మాట చెప్పగలిగే పరీక్షలో రెండోవాళ్ళకంటే దాదాపు ఆరు నెలలు ముందున్నారు. తొమ్మిది నెలల తర్వాత చూస్తే ఆ తేడా తగ్గింది గానీ చెరిగిపోలేదు. చిన్న పరిశోధనే, చదువుకున్న ఇళ్ళే. అయినా గమనించండి, రెండు గుంపుల్లోనూ పుస్తకాలు చదివారు. మారింది ఎవరు మాట్లాడారన్నదే.

చేసే పని నాలుగు అడుగులు. అడగాలి. పిల్ల చెప్పింది ఒప్పుకోవాలి. దానికి ఒకటి రెండు మాటలు కలిపి తిరిగి చెప్పాలి. ఆ పెరిగిన వాక్యాన్ని పిల్లచేత ఒకసారి అనిపించాలి. అంతే.

మా చెల్లెలి కొడుక్కి మూడున్నర. పోయిన నెల నా దగ్గర పదిహేను రోజులున్నాడు. వాడితో నేను చదివింది 'రోజీస్ వాక్', ప్యాట్ హచిన్స్ 1968లో వేసిన బొమ్మల పుస్తకం. ఒక కోడి దొడ్లో షికారుకి వెళ్ళి తిరిగొస్తుంది, రాసిన కథ అంతే. కానీ దాదాపు ప్రతి బొమ్మలోనూ కోడి వెనకాల ఒక నక్క ఉంటుంది. ఆ నక్క గురించి పుస్తకంలో ఒక్క అక్షరం ఉండదు! ఇంగ్లీషు పుస్తకం కదా, ఇంగ్లీషులోనే చదవాలేమో అని భయపడేవాళ్ళకి ఇదే నా జవాబు. అసలు కథ బొమ్మలో ఉంది, దాన్ని తెలుగులో చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మొదటి రోజు ఏమీ అడగలేదు, ఊరికే చూపించి చదివాను. తెలియని కథలో ప్రశ్నలేస్తే పిల్లలకి చిరాకు. రెండో రోజు మొదలుపెట్టాను.

"ఈ బొమ్మలో ఏం జరుగుతోంది?"

"కోడి."

"అవును, కోడి షికారుకి బయల్దేరింది. ఇంకా?"

జవాబు లేదు. ఇక్కడే మనకి నోరు ఆగదు. నేను మనసులో ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టుకున్నాను.

"నక్క."

"నక్క! కోడి వెనకాలే చప్పుడు చెయ్యకుండా వస్తోంది. ఏదీ, నువ్వూ చెప్పు, ఎలా వస్తోంది?"

"చప్పుడు చెయ్యకుండా వత్తోంది."

"ఇప్పుడేమవుతుందో?" అంటే "తినేత్తాది" అన్నాడు. "అది తప్పు, చూడు" అనలేదు నేను. "తినేద్దామనే దూకుతోంది, మరి దొరుకుతుందో లేదో" అని పేజీ తిప్పాను. నక్క వెళ్ళి ఆకులు లాగే పళ్ళకర్ర మీద దూకింది, కర్ర లేచి మొహాన కొట్టింది. వాడి నవ్వు చూడాలి.

పిండిమర దగ్గర పిండి నక్క నెత్తిన ఎలా పడిందో నేను ఎన్నడూ పట్టించుకోలేదు. "ఇది ఎలా పడిందంటావ్?" అని అడిగితే వాడు వేలు పెట్టి చూపించాడు, తాడు కోడి కాలికి చుట్టుకుని ఉంది. బీయే తెలుగు చదివిన నేను అక్షరాలు చూశాను, అక్షరాలు రానివాడు బొమ్మ చూశాడు.

మీకు పనికొస్తాయని నేను వాడిన ప్రశ్నలు చెబుతాను. "ఇక్కడ ఏం కనిపిస్తోంది నీకు?", "నక్క ఇప్పుడేమనుకుంటోంది?", "నిన్న చదివినప్పుడు చెరువు దగ్గర ఏమైంది?", "కోడికి తెలుసంటావా?", "నువ్వైతే ఏం చేస్తావు?" వీటిలో చాలావాటికి అవును, కాదు అని చెప్పి తప్పించుకోవడం కుదరదు, చాలావాటికి ఒకే సరైన జవాబు లేదు. "ఎందుకు" అన్నది మాత్రం ఈ వయసుకి బరువు, దాన్ని "ఎలా", "ఏమైంది"గా మార్చి అడగండి. ఇంకా మాటలు రాని పిల్లలైతే "ఏంటి, ఎక్కడ"లతోనే మొదలుపెట్టాలి, అందులో తప్పులేదు. అక్కడే ఆగిపోవడం తప్పు.

ఇది చదివి రేపు పేజీకి అయిదు ప్రశ్నలేసే మహాతల్లులు కూడా ఉంటారు, నాకు తెలుసు. రెండు మూడు పేజీలకి ఒక ప్రశ్న చాలు. మితిమీరిందని ఎలా తెలుస్తుందంటే, పిల్ల బొమ్మ వైపు కాకుండా మీ మొహం వైపు చూస్తుంది. మీకు కావలసిన జవాబు మీ మొహంలో వెతుక్కుంటోందన్నమాట. వెంటనే అడగడం ఆపి చదవండి. "నువ్వు చదువు" అంటే చదవండి. పేజీలు దాటేస్తే మీరూ దాటండి.

టైమెక్కడిది అంటారా, పది నిమిషాలు. బళ్ళో ఇచ్చిన చార్టులు వల్లె వేయించడానికి అంతకంటే ఎక్కువే పడుతోంది మనకి.

కోడికి తెలుసా అంటే మొదట "తెలీదు" అన్నవాడు, ఆరో రోజో ఏడో రోజో "తెలుసు, అందుకే వెనక్కి చూడదు" అన్నాడు. నేను ఊరికే అడిగాను, "నీ వెనకాల ఎవరైనా అలా వచ్చారా ఎప్పుడైనా?"

"కుక్క. మెట్ల దగ్గర. నల్లది."

రెండు నెలలుగా వాడు వాళ్ళ అపార్ట్‌మెంటులో మెట్లు దిగనని మొండికేస్తున్నాడు. బడి మీద అయిష్టం అనుకుని మా చెల్లెలు రెండుసార్లు కొట్టింది కూడా. ఆ రాత్రి ఫోన్ చేసి చెబితే అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నన్నెందుకు అడగలేదక్కా వాడు, నాకెందుకు చెప్పలేదు?" అంది. "నువ్వు ఏమడిగావే వాణ్ణి?" అన్నాను. "బడికి వెళ్తావా వెళ్ళవా అని."