కావేరి 2.0 ఆగినప్పుడు జనానికి చెప్పవలసింది

కర్ణాటక రిజిస్ట్రేషన్ల ఇన్‌స్పెక్టర్ జనరల్, స్టాంపుల కమిషనర్ గారికి,

2025 జనవరిలో కావేరి 2.0 పోర్టల్ పదే పదే మొరాయించింది. దొంగ ఖాతాలతో ఈసీల కోసం లక్షల్లో అభ్యర్థనలు పంపి ఎవరో సర్వర్‌ను ముంచేశారని ప్రభుత్వమే తర్వాత చెప్పింది. చింతామణి, బాగేపల్లిలో స్లాట్ తీసుకున్నవాళ్లకు ఆ వివరణ చాలదు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సాక్షులు అందరూ పని మానుకుని రావాలి. "సర్వర్ డౌన్" అంటే మళ్లీ ఎప్పుడు రావాలో తెలియదు.

వివరాలు చెబితే దాడి చేసేవాళ్లకు దారి చూపినట్టవుతుందంటారేమో. లోపం ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. ఏ సేవ ఎప్పటినుంచి ఆగింది, రికార్డులు భద్రమేనా, కట్టిన ఫీజు చెల్లుతుందా, కొత్త స్లాట్ ఎప్పుడు, తర్వాతి కబురు ఎన్నింటికి అన్నవి చెబితే చాలు. సేవ ఆగిన గంటలోగా స్లాట్ ఉన్నవాళ్లందరికీ ఎస్సెమ్మెస్ పంపండి. చిక్కబళ్లాపురం జిల్లా ఆఫీసుల్లో కన్నడంతోపాటు తెలుగులోనూ నోటీసు అంటించండి.