లాయర్ నోరు తెరిపించొద్దు

కక్షిదారులు ఏం చెప్పారో చెప్పమంటూ దర్యాప్తు అధికారులు న్యాయవాదులకే సమన్లు పంపడం మొదలుపెట్టిన తరువాత, సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తనంతట తానుగా విచారణకు తీసుకుంది. 2025 అక్టోబర్ 31న తీర్పు చెప్పింది. కేసు వివరాలు రాబట్టడానికి లాయర్‌ను పిలవకూడదు. చట్టంలోని మినహాయింపు కింద పిలవాల్సి వస్తే అది ఏ మినహాయింపో సమన్లలోనే రాయాలి. దానికి ముందు ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ తీర్పును స్వాగతిస్తున్నాం. అయితే దీన్ని నల్లకోటు వాళ్లకు దక్కిన రాయితీగా చూడటం పొరపాటు. ఈ రక్షణ లాయర్‌ది కాదు, ముద్దాయిది. ముద్దాయి స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, లాయర్ తనకు తోచినప్పుడు నోరు విప్పే వీల్లేదు.

భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ చెప్పేది ఇదే. పాత సాక్ష్య చట్టంలో ఇది 126వ సెక్షన్. వకాలత్ ముగిసినా, ఫీజు తగాదా వచ్చి విడిపోయినా ఆ కట్టుబాటు పోదు. గుమస్తాకూ, దుబాసీకీ వర్తిస్తుంది. ‘ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి’ అని ముద్దాయి అంటే ఆ మాట లాయర్ దగ్గరే ఉండిపోవాలని చట్టమే ఉదాహరణ ఇచ్చి మరీ చెబుతోంది. తప్పు చేసినవాడి తరఫున వాదించడం నేరం కాదు గనుక. అదే మనిషి ‘ఈ దొంగ దస్తావేజుతో ఆస్తి రాబట్టాలి, దావా వేయండి’ అంటే రక్షణ లేదు. జరిగిపోయిన నేరం గురించి చెప్పుకోవడం వేరు, చేయబోయే నేరానికి లాయర్‌ను వాడుకోవడం వేరు. రక్షణ మాటకే గానీ వస్తువుకు కాదు. కత్తి తెచ్చి బల్ల మీద పెట్టి దాచమంటే, దాచిన లాయర్ కూడా సాక్ష్యం మాయం చేసిన ముద్దాయి అవుతాడు.

ఇంత కట్టుదిట్టంగా ఉన్నా మన ముద్దాయిలు లాయర్‌కు సగమే చెబుతారు. దాని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత కేసులో చూద్దాం. పొలం గట్టు తగాదాలో ఒకడు చనిపోయాడు. ముద్దాయి అక్కడే ఉన్నాడు, ముందు దెబ్బ తిన్నదీ అతడే. చేతికి కుట్లు పడ్డాయి, తిరిగి కొట్టాడు. ‘ఆ రోజు నువ్వు ఊళ్లోనే లేవని చెప్పు’ అన్నారు ఇంటి పెద్దలు. లాయర్ అదే నమ్మి, పట్నంలో పెళ్లికి వెళ్లాడనే వాదన కట్టాడు. విచారణలో ప్రాసిక్యూషన్ సెల్ టవర్ రికార్డు తెచ్చింది, ఆసుపత్రి రిజిస్టరూ తెచ్చింది. నిజం ముందే తెలిస్తే ఆ కుట్లే ఆత్మరక్షణకు బలమైన ఆధారం అయ్యేవి. హద్దు మీరి కొట్టాడని కోర్టు భావించినా, హత్య నేరం అంతకంటే తక్కువ నేరంగా మారే అవకాశం ఉండేది. ఇప్పుడు ఆ కుట్లే అతడు అక్కడ ఉన్నాడనడానికి రుజువయ్యాయి. లాయర్ హడావుడిగా దారి మార్చి, ‘ముందు కొట్టింది మృతుడే కదా’ అని సాక్షిని క్రాస్‌లో అడిగితే అదీ ప్రమాదమే. డిఫెన్స్ లాయర్ వేసే సజెషన్‌లో ముద్దాయికి వ్యతిరేకంగా ఏదైనా ఒప్పుకోలు ఉంటే అది ముద్దాయిని కట్టిపడేస్తుందని 2023లో బాలు సుదామ్ ఖల్డే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నిజం తెలియని లాయర్‌కు ఏ ప్రశ్న అడగకూడదో కూడా తెలియదు.

నిజం తెలిసిన లాయర్ చేయలేనివీ ఉన్నాయి. అబద్ధమని తెలిసిన సాక్షిని బోనెక్కించకూడదు. నేరం ఒప్పుకున్న మనిషి కోసం వేరొకరిని దోషిగా చూపించకూడదు. ఆ భయంతోనే కొందరు లాయర్లు ‘నాకేమీ చెప్పొద్దు’ అంటారు. దీన్ని తెలివి అనలేం. ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని గట్టిగా పరీక్షించడానికి, రుజువు భారం వాళ్లదేనని నిలదీయడానికి ముద్దాయి ఒప్పుకోలు ఏమాత్రం అడ్డు కాదు.

లాయర్ ఆఫీసుకు ముద్దాయి ఒంటరిగా రావడం మన దగ్గర అరుదు. బాబాయి వస్తాడు, బావమరిది వస్తాడు, ఊరి పెద్ద కూడా కూర్చుంటాడు. మాట్లాడేదంతా వాళ్లే. 132వ సెక్షన్ లాయర్ నోటికి తాళం వేస్తుంది గానీ బాబాయి నోటికి వేయదు. రేపు పోలీసులు ఆయన్ని సాక్షిగా పిలిస్తే విన్నదంతా చెప్పాల్సిందే. బంధువులకు పంపిన వాయిస్ మెసేజ్‌లదీ అదే గతి. లాయర్ మొదట చేయాల్సిన పని అందరినీ బయటికి పంపి తలుపు వేయడం. మొహమాటం ఇక్కడ పనికిరాదు.

జైల్లో ఉన్నవాడికి ఆ తలుపే ఉండదు. లాయర్‌తో ములాఖత్ సమయంలో అధికారి కంటిచూపు మేరలో ఉండవచ్చు గానీ మాటలు వినిపించేంత దగ్గరలో ఉండకూడదని ఫ్రాన్సిస్ కొరలీ ములిన్ కేసులో 1981లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ జాలీకి అటూ ఇటూ నిలబడి కేకలు వేసుకోవాల్సి వస్తే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల జైళ్ల శాఖలు ప్రతి జైల్లో లాయర్ ములాఖత్‌కు విడి గది కేటాయించాలి. బార్ కౌన్సిళ్లు కూడా తమ ఇంటిని చక్కదిద్దుకోవాలి. టీవీ చర్చల్లో ‘మా క్లయింటు నాతో ఏమన్నాడంటే’ అని మొదలుపెట్టే లాయర్ ఆ ముద్దాయి అనుమతి తీసుకున్నాడా అని అడగాలి. తీసుకోకపోతే క్రమశిక్షణ చర్యకు నోటీసు ఇవ్వాలి.